ఐదో పేరా

బట్టల మిల్లు ఆఫీసులో పెద్ద ప్రకటనల్ని చిన్నవి చేయడం ఆమె పని. పత్రికలకు వెళ్లే రెండు పేజీల నోట్‌ను ఫేస్‌బుక్ కోసం మూడు లైన్లకు కుదించాలి. ఫోన్‌లో ముందుగా కనబడేది మొదటి ఒకటి రెండు లైన్లే; చాలామంది అక్కడే ఆగిపోతారు. అందుకే అసలు సంగతి పైనే చెప్పి, మిగతాది తెలుసుకోవాలనిపించేలా ఆపడం అలవాటు చేసుకుంది.

ఆ సోమవారం ఉదయం వచ్చిన నోట్‌లో తొమ్మిది పేరాలున్నాయి. మొదటి నాలుగింటి నిండా కొత్త యంత్రాలు, కొత్త భవనం. ఐదో పేరాలో ఒకే వాక్యం: అద్దకం విభాగం నెలాఖరుకు మూతపడుతుంది. ఆమె బావ, అంటే అక్క భర్త, పదహారేళ్లుగా ఆ విభాగంలోనే ఉన్నాడు.

ఆ వాక్యం మరోసారి చదివి, కూర్చుని రాసింది: ‘అద్దకం విభాగం నెలాఖరుతో ఆగిపోతోంది. అక్కడివారి సంగతేమిటి? పూర్తి ప్రకటన లింక్‌లో.’

మేనేజరు ఆ మొదటి వాక్యాన్ని కిందికి దించాడు. మళ్లీ చదివి తీసేశాడు. చివరికి మిగిలింది ఇది: ‘మన మిల్లు కొత్త అడుగు వేస్తోంది! అదేమిటో ఊహించగలరా? వివరాలు లింక్‌లో.’

“అద్దకం వాళ్లు ఇది మంచి వార్తనుకుంటారు సార్,” అంది.

“లింక్‌లో అంతా ఉందిగా. మనం దాచిందేముంది?”

ఆమె పదిన్నరకు పోస్టు పెట్టేసింది. బావకు ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని, ఎదురుగా మేనేజరు ఉండటంతో పక్కన పెట్టింది. లింక్ తెరిచి చూస్తాడులే అని సర్దిచెప్పుకుంది.

సాయంత్రానికి ఆరువేల మంది చూశారు. లింక్ తెరిచింది నలభై ముగ్గురు. కామెంట్లలో బావది కూడా ఉంది: ‘మంచి రోజులొచ్చాయి.’

పని ముగించుకుని నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. బావ హుషారుగా ఉన్నాడు. ఊరి చివర చిన్న అద్దకం యూనిట్ వాళ్లు వారం నుంచి పనికి రమ్మంటున్నారట, ఈ మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి తేల్చమన్నారట. మిల్లు పెద్దదవుతుంటే ఎక్కడికి పోతానని, రానని చెప్పేశాడట.

“లింక్ చూడలేదా బావా?”

“నువ్వు రాసింది చూశానుగా. చాలదా?”

ఆమె నోట్ తెరిచి ఐదో పేరా చదివి వినిపించింది. అక్క స్టవ్ కట్టేసింది. బావ వెంటనే ఆ యూనిట్‌కు ఫోన్ చేశాడు. గంట క్రితమే వేరే మనిషిని పెట్టుకున్నామన్నారు.

“నీకు పొద్దున్నే తెలుసా?” అని అడిగాడు.

తెలుసంది. అతను బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

ఆమె గోడకు ఆనుకుని, ఎవర్నీ అడగకుండా పోస్టు మార్చి, తను మొదట రాసిన వాక్యాలే పెట్టింది. అప్పటికే అది జనం కళ్ల ముందు నుంచి కిందికి వెళ్లిపోయింది. కొత్తగా చూసినవాళ్లు పదిమంది కూడా లేరు. కాసేపటికి మేనేజరు వాక్యాలే తిరిగి వచ్చాయి. మళ్లీ మార్చబోతే, ఆమె పాస్‌వర్డ్ పనిచేయలేదు.