ఒక చెంచా తాలింపు

ఊరి ముందర వాగు పొంగి కల్వర్టును ఎత్తుకుపోయిన ఏడాది అది. నీళ్ళు తగ్గి, బస్సు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాక గురవయ్య తన భార్య కృష్ణవేణమ్మను మార్కాపురం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది ఆమెకు. డాక్టరు పరీక్షలన్నీ చూసి, రక్తంలో కొవ్వు ఎక్కువుందని, మాత్రలు మానొద్దని, వంటలో నూనె సగానికి సగం తగ్గించమని చెప్పాడు. కారం మాట, పులుపు మాట ఆయన ఎత్తనే లేదు.

కానీ కృష్ణవేణమ్మకు తెలిసింది పథ్యం ఒక్కటే. బాలింతగా ఉన్నప్పుడు చేసింది, జ్వరాలొచ్చినప్పుడు చేసింది. పథ్యమంటే చప్పిడి కూడు. పళ్ళ బిగువున మింగడం, గడువు తీరాక మంచిరోజు చూసి విడవడం. ఇదీ అంతేననుకుంది. ఇంట్లో వాళ్ళకు ఎప్పటిలాగే నూనె తేలేట్టు కూర వండి, తనకు చిన్న గిన్నెలో సొరకాయ ముక్కలో బీరకాయ ముక్కలో ఉడకేసుకునేది. తాలింపు లేదు, మిరపకాయ లేదు, చింతపండు లేదు.

రానురాను రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకోసాగింది. రవికలు వదులయ్యాయి. ఊళ్ళో ఏ పెండ్లి జరిగినా పులుసుకు ఉప్పు చూడమని పిలిపించే మనిషి, అన్నం ముందు కూర్చోవాలంటేనే మొహం తిప్పుకుంటోంది. గురవయ్య చూస్తూనే ఉన్నాడు. మాటల మనిషి కాడాయన. లోపల మాత్రం భయం పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే కృష్ణవేణమ్మ హుషారుగా లేచి, గంపలో లేత వంకాయలు ఏరుతూ కోడలితో అంది:

"పద్మజా, ఈ పొద్దు నా పథ్యం విడుపు. గుత్తొంకాయ చేస్తా. నూనె పైకి తేలాల."

పద్మజ చేతిలోని చాట కింద పెట్టింది. "విడిచేదేంది అత్తా? ఇది బాలింత పథ్యం కాదు. నూనె ఎప్పటికీ ఇంతే."

"ఎప్పటికీనా?"

"డాక్టరు అట్లనే చెప్పె గదా."

కృష్ణవేణమ్మ చేతిలోని వంకాయ జారి గంపలో పడింది. "గొడ్డు కూడా గడ్డి తిని ఉప్పురాయి నాకుతుంది. నాకా భాగ్యం కూడా లేదా? అట్ల బతికేకంటే..." అని మాట మింగేసి లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నమైనా లేవలేదు.

గురవయ్య గంపలోంచి నాలుగు వంకాయలు తీసుకుని పెరట్లోకి నడిచాడు. స్నానాలకు నీళ్ళు కాచిన పొయ్యిలో బూడిద కింద నిప్పులింకా ఎర్రగానే ఉన్నాయి. వంకాయలకు గాట్లు పెట్టి, వాటితోపాటు మిరపకాయలు, పొట్టు తియ్యని వెల్లుల్లి ఆ నిప్పుల మీద పెట్టాడు. మేకలు కాసే వయసులో అడవంచున తిన్న పచ్చడి ఇదే. అక్కడ నూనె ఎక్కడిది? తొక్కలు మాడి, లోపల మెత్తబడ్డాక ఒలిచి, చింతపండు, ఉప్పు, వేయించిన జీలకర్ర వేసి రోట్లో నూరబోయాడు. మిక్సీ వచ్చినాక ఆ రోలు ముఖం చూసినవాళ్ళు లేరు. నునుపు దేలి ఉంది. అంతా జారిపోతోంది. చెమటలు కక్కుతూ నూరాడు.

"తాలింపు వద్దా మామా?" అంది పద్మజ.

"ఒక్క చెంచా. అన్నీ అయినాక, పైన."

పద్మజ చెంచాడు నూనె కాచి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు చిటపటలాడించి పచ్చడి మీద పోసింది. ఆ వాసన నేరుగా గదిలోకి పోయింది.

"ఎవరే అంత నూనె కుమ్మరించింది?" లోపలి నుంచి కేక.

"చెంచాడే అత్తా!"

"అబద్ధాలు చెప్పొద్దు." కృష్ణవేణమ్మ లేచి వచ్చింది. వేలితో తీసి నాలుక్కి రాసుకుంది. మళ్ళీ వేలు పెట్టింది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "జీలకర్ర మాడ్చినావు. ఉప్పు చూసుకోలేదు," అంది.

"ఊఁ," అన్నాడు గురవయ్య.

ఆమె పీట వాల్చుకుంది. రెండోసారి కూడా అన్నం పెట్టించుకుంది. కళ్ళు తుడుచుకుంటూ మిరపకాయను తిట్టింది. చెయ్యి కడుక్కునే సరికి ఆమె బుర్రలో పొయ్యి రాజుకుంది.

"ఇన్నాళ్ళూ గరిటెడు నూనెలో కూరేస్తిమి. అది ఉడికీ ఉడికీ వాసనంతా పోగొట్టుకునె. ఈ చెంచాడు చివర్న పడేసరికి ముక్కుకే తగులుతాంది. ఇంక పూటకు ఒక్క దాంట్లోనే నూనె పద్మజా. రేపు ఉలవచారు, తాలింపు దానికే. పక్కన సొరకాయకు పిడికెడు వేయించిన నువ్వుల పొడి చాలు. వేపుడు వారానికొక్కసారే. ఆ పొద్దు పప్పుకు తాలింపు మానేసి, చింతకాయ, పచ్చిమిరపకాయలేసి ఎనుపుదాం."

"మరి గుత్తొంకాయ?"

"ముందే నూనెలో వేస్తే వంకాయ దూది మాదిరి తాగేస్తది. చింతపండు రసంలో మూతబెట్టి మగ్గిచ్చి, చివర్న చెంచాడు."

"మీ కొడుక్కు అప్పడం లేందే ముద్ద దిగదు అత్తా."

"నిప్పుల మీద కాల్చి పెట్టు. పెండ్లాం చేతిదని నోరు మూసుకొని తింటాడు. ఇంక నాకు వేరే గిన్నె లేదు. ఇంటికంతా ఒకటే కూర." అని ఆమె ఆ చిన్న గిన్నెను బోర్లించింది. "పథ్యం ఇప్పుడే విడిచినా పో."

గురవయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

మరుసటి ఉదయం పాలు పిండకముందే ఆయన పాత పెట్టెలోంచి ఉలి, సుత్తి వెతికి తీశాడు. రోలు పక్కన గొంతుక్కూర్చుని, నునుపుదేలిన రాతికి గంట్లు పెట్టసాగాడు.

"ఏందయ్యా పొద్దున్నే ఆ శబ్దం?" వంటింట్లోంచి కృష్ణవేణమ్మ కేకేసింది.

ఆయన రాతిపొడి నోటితో ఊది, ఇంకో గంటు పెట్టాడు.