మూడు బళ్లు దాటితే చాలు

కరోనా రెండో విడతలో జయదేవ్‌కు పరాయి రాష్ట్రంలో, ఆల్థాన్ పేటలోని ఫ్లాట్లో మాట్లాడే మనిషి కరువయ్యాడు. భార్యాబిడ్డలు విజయనగరంలో చిక్కుకుపోయారు. బ్యాంకు డ్యూటీ రోజు మార్చి రోజు. మిగిలిన దిక్కల్లా ఊరవతల హజీరా టౌన్‌షిప్‌లో ఉండే ఇంజనీరు ఉదయ్‌కిరణ్. రోజూ సాయంత్రం వీడియోలో ఇద్దరూ యుద్ధం ఆట ఆడుకునేవారు. గళ్ల మ్యాపు, అట్ట బిళ్లలు, పాచికలు ఇద్దరి బల్లల మీదా ఒకేలా పరచి ఉండేవి.

ఓ సాయంత్రం ఉదయ్ మెల్లగా చెప్పాడు. "ఏమీ అనుకోకండి. సగం ఆటకే నేను ఓడినట్టు తెలిసిపోతుంది. ఆ తర్వాత నా చివరి బిళ్లనూ మీరు వెతికి చంపేదాకా కూర్చోవాలంటే విసుగొస్తోంది."

వీడూ మానేస్తే ఇక గోడలతోనే ముచ్చట్లు, అనుకున్నాడు జయదేవ్.

కూర్చుని కొత్త ఆట కట్టాడు. ఉదయ్ మూడు ధాన్యం బళ్లను వంతెన దాటించాలి. గడువు ఎనిమిది వంతులు. ఎన్ని బిళ్లలు చంపినా సున్నా. తీరా ఆడి చూస్తే, జయదేవ్ తన సైన్యాన్నంతా వంతెన మీద పేర్చి కదలకుండా కూర్చున్నాడు. బళ్లకు దారే లేదు.

"ఇలాగైతే నేనెందుకు పాచిక వెయ్యడం?" అన్నాడు ఉదయ్.

మాట నిజమే. జయదేవ్ సిగ్గుపడి, మ్యాపుకు అటు చివర ఒక కోట గీశాడు. బళ్లు దాటినా, కోట చిక్కినా గెలుపు ఉదయ్‌దే. ఇక తను రెండు చోట్లా కాపు కాయక తప్పదు.

మర్నాడు ఉదయ్ ఒక్క గుర్రపు దళాన్ని కోటవైపు ఉరికించాడు. పాత వేట బుద్ధి ఎక్కడికి పోతుంది, జయదేవ్ వంతెన కాపులో సగాన్ని దాని వెంట తరిమాడు. గుర్రాన్నీ చంపాడు, ఎదురుపడ్డ కాల్బలాన్నీ తుడిచేశాడు. ఆ సందులో, ఎనిమిదో వంతులో, మూడో బండి వంతెన దాటింది.

"గెలిచాను! నా సైన్యం మొత్తం పోయినా గెలిచాను చూడండి. అద్భుతంగా కట్టారు." ఉదయ్ పకపకా నవ్వాడు. "భలే త్వరగా అయిపోయింది కూడా. ఇవాళ వేళకి తింటాను. ఉంటానండీ."

వీడియో ఆగిపోయింది. ఇంకా చీకటి కూడా పడలేదు. మ్యాపు మీద జయదేవ్ బిళ్లలు దాదాపు అన్నీ క్షేమంగా నిలబడి ఉన్నాయి. ఎదుట, దాటిపోయిన బళ్లు తప్ప ఒక్కటీ లేదు. తన చేత్తో తనే సాయంత్రాన్ని సగానికి కోసుకున్నాడు పిచ్చివాడు.

పెన్సిలు తీసి ఎనిమిదిని పన్నెండు చెయ్యబోయాడు. నాలుగు వంతులంటే ఇంకో గంట మనిషి గొంతు. కానీ గడువు పెరిగితే, ముందు ఉదయ్ సైన్యాన్నంతా ఊడ్చేసి తీరిగ్గా వంతెనకు తిరిగొస్తాడు తను. మళ్లీ అదే పాత ఆట.

ఎనిమిదిని అలాగే ఉంచి, ఒక్కడికే అన్నం వండుకోవడానికి లేచాడు.