వీలైతే వస్తాను

‘సుమారుగా’ అన్న మాట వింటే పర్సిస్‌కి ఒళ్ళు మండుతుంది. అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో మాత్రలు తయారుచేసే ఒక కంపెనీ క్వాలిటీ విభాగంలో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఎవరైనా రికార్డులో తప్పు రాసి వైట్‌నర్ పూశారంటే ఆ రోజు వాళ్ళ పని అయినట్టే. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత కొట్టాలి. కొట్టేసింది చదవడానికి కనబడుతూనే ఉండాలి. పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం పెట్టాలి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఆమె చెప్పే పాఠం ఇదే.

అలాంటి మనిషి చేతికి బీ ఫార్మసీ బ్యాచ్ ఇరవయ్యేళ్ళ రీయూనియన్ తేదీ తేల్చే పని వచ్చింది. అమెరికాలో ఉన్న క్లాస్‌మేట్లు తనతో కలిపి ఇరవై ఆరుగురు. వాట్సాప్ గ్రూపులో మూడేళ్ళుగా ‘కలుద్దాం కలుద్దాం’ అని చప్పట్లు కొట్టడమే తప్ప క్యాలెండర్ తీసినవాడు లేడు. మే నెల రెండో వారంలో పర్సిస్ ఆన్‌లైన్‌లో ఒక పోల్ తయారుచేసి, లింకుతో పాటు ఆహ్వానం పంపింది. కలిసే చోటు క్యారీ. మూడు శనివారాలు: జూన్ 14, జూన్ 28, జూలై 19. ఒక్కో తేదీకి మూడు జవాబులు: వస్తాను, వీలైతే వస్తాను, రాలేను. ‘వస్తాను’కి రెండు పాయింట్లు, ‘వీలైతే’కి ఒకటి, ‘రాలేను’కి సున్నా. ఎక్కువ పాయింట్లు వచ్చిన తేదీ ఖాయం. సమానంగా వస్తే ‘వస్తాను’లు ఎక్కువున్న తేదీ. గడువు ఆదివారం సాయంత్రం ఐదు, ఈస్టర్న్ టైమ్. ఆ తర్వాత మార్పులు లేవు. ఎవరు ఏం పెట్టారో పోల్ నడిపే తనకి తప్ప ఇంకెవరికీ కనబడదు. ఫలితం మాత్రం అంకెలతో సహా సోమవారం పొద్దున్న అందరికీ పెడుతుంది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరని తనని తనే మెచ్చుకుంది కూడా.

ఈ పోల్‌లో ఒక మనిషి బతుకు ముడిపడి ఉందని గ్రూపులో పర్సిస్‌కి తప్ప ఎవరికీ తెలియదు. కారులో ఎనిమిది గంటల దూరంలో, పిస్కాటవేలో ఉంటున్న దెబోరా ఉద్యోగం మే మొదటి వారంలో పోయింది. ఇంటిల్లిపాదీ ఆమె వీసా మీదే ఉన్నారు. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరకకపోతే దేశం వదలాలి. దొరికే సూచనలు లేవు. జూలై రెండుకి టికెట్లు కొనేశారు. జూన్ పధ్నాలుగున కొడుకు స్కూలు ఫంక్షను ఉంది. ఆమెకి కుదిరేది జూన్ 28 ఒక్కటే. వెళ్ళేలోగా అందరినీ ఒక్కసారి చూడాలని ఉంది. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంది. జాలిపడి ఓట్లు వేస్తే ఆ మొహాల మధ్య తను కూర్చోలేనంది.

చదువుకునే రోజుల్లో క్లాసులో సగం మంది రికార్డు పుస్తకాల్లో ఆకుల అడ్డకోత బొమ్మలు గీసింది ఆ దెబోరానే. ఎవరు అడిగినా కాదనలేదు. ఆ బొమ్మలతో మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు క్యాలెండర్లో ఒక శనివారం ఇవ్వలేరా అని పర్సిస్ ధీమాగా ఉంది.

బుధవారం షామ్‌బర్గ్ నుంచి క్లాస్‌మేట్ తేజేశ్వర్ ఫోన్ చేశాడు. వాళ్ళ బావమరిది లేక్ హౌస్, సరస్సు ఒడ్డున ఇల్లు, జూలై 19 వారంలో ఖాళీగా ఉంటుందట. క్యారీ ఎందుకు, అందరూ అక్కడికే రావచ్చు కదా అన్నాడు. చోటు సంగతి తేదీ తేలాక చూద్దామంది పర్సిస్. అప్పుడతను ఆమె ఏం పెట్టిందని అడిగాడు. ఇంకా పెట్టలేదు. జూలై 19న చర్చిలో పిల్లల వెకేషన్ బైబిల్ స్కూల్ ముగింపు కార్యక్రమం ఉంది, దాన్ని నడిపేది తనే. ఆ మాటే చెప్పింది.

“ఏంది పర్సిస్, ఆర్గనైజ్ చేసేదానివే రాలేనని పెడితే బాగుంటదా? వీలైతే అని పెట్టు. వీలైతే అంటే ఏమన్నా బాండు రాసిచ్చినట్టా?”

బాండు కాదు గదా అని ఆమె కూడా అనుకుంది. పెట్టేసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, ఐదు కొట్టగానే లెక్క తెరిచింది. ఇరవై ఆరుగురూ జవాబిచ్చారు. జూన్ 14కి పందొమ్మిది పాయింట్లు, దాని పని అయిపోయింది. జూన్ 28కి పధ్నాలుగు మంది వస్తామన్నారు, నలుగురు వీలైతే అన్నారు, ఎనిమిది మంది రాలేమన్నారు. మొత్తం ముప్ఫై రెండు. జూలై 19కి వస్తామన్నది ఎనిమిది మందే. వీలైతే అన్నది పదిహేడు మంది. రాలేనన్నది ఒక్కరు, దెబోరా. మొత్తం ముప్ఫై మూడు.

ఒక్క పాయింటు. పర్సిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పదిహేడు మందిలో ముగ్గురికి ఫోన్ చేసింది. ముగ్గురిదీ ఒకే కథ. తేజేశ్వర్ విడివిడిగా మెసేజ్ పెట్టాడు, కాదంటే ఏమనుకుంటాడోనని వీలైతే అన్నారు. నిజానికి ఒకరు ఆ వారం అలాస్కాలో ఉంటారు. ఇంకొకరికి అప్పటికి నెలలు నిండుతాయి. మూడో మనిషి ఫెబీ అయితే నవ్వి, మనవాళ్ళలో రాలేనని మొహం మీద ఎవరంటారే, వీలైతే అంటే రానని కాదా అర్థం, నీకు తెలీదా అంది.

తెలుగు పుట్టుక పుట్టినవాళ్ళందరికీ తెలుసు. పెళ్ళి కార్డు అందుకుంటూ వీలైతే అన్నవాడి కోసం ఎవరూ విస్తరి వేయరు. ఆ మాటకి ఒక పాయింటు కట్టబెట్టిన మేధావి తనే. ఇంగ్లీషు పోల్‌లో ఉండే ‘మేబీ’ అన్న జవాబుని చక్కగా తెలుగులో పెట్టి, లేని ఓటుని ఉన్నట్టు చేసింది. పదిహేడు మంది మర్యాద కలిసి ఒక మనిషిని గుమ్మం బయట నిలబెట్టింది. మర్యాదట, మర్యాద! సిగ్గులేని మర్యాద.

ఆ కోపంలోనే దెబోరాకి ఫోన్ చేసి సంగతి చెప్పింది. తేజేశ్వర్‌ని తిట్టింది, ఫెబీని తిట్టింది, పదిహేడు మందినీ కలిపి తిట్టింది. దెబోరా అంతా విని, నువ్వేం పెట్టావని అడిగింది.

వీలైతే అని పెట్టానంది పర్సిస్. అన్నాక లెక్క తనంతట తనే కళ్ళముందు తిరిగింది. తను రాలేనని నిజం రాసి ఉంటే జూలై 19కి ముప్ఫై రెండే. రెండూ సమానం. సమానమైతే ‘వస్తాను’లు ఎక్కువున్న తేదీ. పధ్నాలుగు, ఎనిమిది. జూన్ 28.

“నువ్వు కొత్తగా ఏం అన్లేదులే పర్సీ,” అంది దెబోరా, కోపం లేకుండానే. “ఎనిమిదేళ్ళ నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ వీలైతే పిస్కాటవే వస్తానంటానే ఉన్నావు. రావని నాకు తెలుసు. నేనూ అట్టాగే అనేదాన్ని అందరితో. మొన్న ఆ రాలేను అన్న దాన్ని నొక్కడానికి మటుకు చెయ్యి ఆడలేదు. నొక్కాక, అబ్బ, ఎంత సుఖంగా ఉందో.”

ఫోన్ పెట్టేశాక పర్సిస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పోల్ తనది. లోపలికెళ్ళి తన జవాబు మారిస్తే అడిగేవాడు లేడు. ఐదు దాటి గంటే అయింది. ఏ ఉద్యోగి ఇలాంటి పని చేస్తే గేటు దాకా సాగనంపేదో, ఆ పని చెయ్యడానికి వేలు బటన్ మీదకి వెళ్ళింది. తన మీద తనకే అసహ్యం వేసి మూత మూసేసింది.

సోమవారం పొద్దున్న చెప్పిన మాట ప్రకారం గ్రూపులో ఫలితం పెట్టింది. మూడు తేదీలకీ అన్ని అంకెలూ రాసి, నియమం ప్రకారం గెలిచింది జూలై 19 అంది. దాని కిందే ఇంకో మెసేజ్ పెట్టింది. ‘పర్సిస్, జూలై 19’ అని రాసి, ‘వీలైతే వస్తాను’ అన్నదాని మీద గీత కొట్టి, పక్కన ‘రాలేను’ అంది. తర్వాత తన పేరు, తేదీ. కారణం: రాలేనని తెలిసీ మొహమాటానికి అబద్ధం రాశాను. లెక్క మారదు, గడువు దాటింది. కానీ రికార్డులో అబద్ధం ఉండకూడదు.

రెండు నిమిషాల్లో తేజేశ్వర్ ఫోన్. గెలిచాక రూల్ మార్చడం ఏమిటని అరిచాడు.

“రూల్ మార్చలేదు తేజా. డేట్ నీదే, తీసుకో. నేను రాసిన తప్పు నేను దిద్దుకున్నా. వైట్‌నర్ పూయలేదు, చూసుకో.”

అతను ఇంకా ఏదో అంటుండగానే గ్రూపులో ఫెబీ మెసేజ్ వచ్చింది. గీత, రాలేను, పేరు, తేదీ. కారణం: తేజ బాధపడతాడని. తర్వాత అలాస్కా వెళ్ళే అతను. తర్వాత నెలలు నిండబోయే ఆమె. అందరూ మందుల కంపెనీల్లో, మందుల షాపుల్లో పనిచేసేవాళ్ళే. గీత ఎలా కొట్టాలో ఎవరికీ నేర్పక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి పన్నెండు గీతలు పడ్డాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. పర్సిస్ దెబోరా పేరు ఎత్తలేదు.

మూడింటికి తేజేశ్వర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. అదీ గీతే, కానీ జూలైది కాదు. ‘తేజేశ్వర్, జూన్ 28’ అని ఉంది. ‘రాలేను’ కొట్టేసి ‘వస్తాను’ అని ఉంది. కారణం: 19 గెలవాలని పెట్టిన. దాని కింద ఇంకో ముక్క: ఎనిమిది మందికి లేక్ హౌస్ ఏం జేస్కుంట, 19 వదిలేస్తున్న, 28 పెట్టుకోండి. జూలైకి వస్తామన్న మిగతా ఏడుగురికీ అభ్యంతరమేమైనా ఉందా అని పర్సిస్ పేరుపేరునా అడిగింది. లేదన్నారు. అప్పుడు మాత్రమే జూన్ 28 ఖాయమని రాసింది.

దెబోరా ఫోన్ చేసి, నా సంగతి చెప్పేశావా అని నిలదీసింది. చెప్పలేదు. మరి ఎందుకు మార్చుకున్నారంది. నిజం రాశారంతే అంది పర్సిస్. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“ఈ శనివారం పిస్కాటవే వస్తున్నానే. సామాన్లు సర్దడానికి,” అంది పర్సిస్.

“వీలైతేనా?”

శనివారం పొద్దున్న పదింటికి పర్సిస్ వర్జీనియాలో ఒక పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి, వెనకసీట్లో పేర్చిన ఖాళీ అట్టపెట్టెల ఫోటో తీసి పంపింది. ఇంకా ఐదు గంటల దారి ఉంది.