పోశయ్య రెండో అర్జీ

ఉప్పల్ బస్టాండు పక్కన ఛాయాదేవి టైపు మిషను మీద పోశయ్య కాగితం విసిరినట్టే పెట్టాడు.

"అక్కా, ఇది ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు. జర గట్టిగ కొట్టు."

ఆమె చదివింది. 'మా మేనేజరు రాక్షసుడు. మమ్ముల సంపాలని సూస్తుండు. ఫ్యాక్టరీ పేలుతది, అప్పుడు వాని సంగతి చెప్తం.'

"గిదే మేనేజరుకు గూడ ఇచ్చినవా?"

"ఇచ్చిన."

జేబులోంచి మెమో తీశాడు. దూషించి బెదిరించినందుకు సస్పెన్షన్. ఫ్యాక్టరీ ఎందుకు పేలుతుందన్న ఊసే అందులో లేదు. ఇవాళ రెండు గంటల షిఫ్టు నుంచి రసాయనాలు ఉడికించే మూడో రియాక్టరు మీద పోశయ్య బదులు అతని మేనల్లుడు దుర్గేష్‌ను వేశారు.

"పేలుతదని నువ్వే రాసిస్తివి. రేపు నిజంగ పేలితె పోలీసులు ఎవర్ని అడుగుతరు?"

ఛాయాదేవి మిషనులో కొత్త కాగితం ఎక్కించింది.

"రాక్షసుడు ఏం జేసిండో చెప్పు. కండ్లతోటి సూసిందే."

"సేఫ్టీ వాల్వు కింద ఇనుప రేకు బెట్టి మూసిండు, దొంగ."

"ఆయన మూసంగ సూసినవా?"

"లే."

"అయితే మూసిండని రాయ. మూసి ఉన్నదని రాస్త."

మిషను టకటకలాడింది. 'ఈ నెల తొమ్మిదిన మొదటి షిఫ్టులో, మూడో నంబరు రియాక్టరు సేఫ్టీ వాల్వు కింద ఇనుప రేకు బిగించి ఉండటం చూశాను.'

"మమ్ముల సంపాలని సూస్తుండు అన్నది?"

"మనసుల ఏమున్నదో నీకెట్ల ఎరుక? గేజీ ఎంత సూపింది?"

'అదే రోజు పదకొండింటికి పీడనం గేజీ ఐదు కిలోలు చూపింది. రియాక్టరు పలక మీద అనుమతి నాలుగు. పీడనం పెరిగితే బయటికి పోయే దారి లేదు. తనిఖీ అయ్యేదాకా దాన్ని ఆపించగలరు.'

"పెండ్లి పత్రిక లెక్క సప్పగున్నది. దీనికెవడు కదుల్తడక్కా?"

"సంతకం పెట్టు."

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు గోపాలరావు ఆ కాగితాన్ని నిలబడే అందుకున్నాడు. రేకు దగ్గర ఆగి మళ్ళీ మొదటినుంచి చదివాడు. మొహంలో రంగు మారింది.

"ఇది ఇప్పుడు నడుస్తోందా?"

"రెండింటికి ఆవిరి ఎక్కిస్తరు సారూ. దాని మీద మా మేనల్లుడున్నడు."

గోడ గడియారం రెండూ పది. గోపాలరావు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. ఇంకోసారి చేయలేదు, జీపు తాళాలు తీసుకున్నాడు.

నాచారంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పోశయ్య ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు లోపటికి రావద్దన్నరే అన్నా. బెదిరించినవట గద. నా నౌకరి పోతది."

"ఎవర్ని బెదిరించిన్రా నేను? లోపట మా పోరడున్నడు."

"నాకేం ఎరుక. కాగితం ఇచ్చిన్రు."

గోపాలరావు వెనక్కి చూడకుండా అర్జీ చేతిలో పట్టుకుని షెడ్డు వైపు దాదాపు పరుగెత్తాడు. పోశయ్య గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఆవిరి బుస కొడుతోంది. గోపాలరావు ఆవిరి కట్టించగానే, ఏ నిమిషమైనా ఆ చప్పుడు ఆగాలి. ఆగలేదు. సన్నగా, ఇంకా సన్నగా, ఈల వేసినట్టు పైకి పోతోంది, పీడనం ఇంకా ఎక్కుతున్నప్పటి చప్పుడు అది.

వాచ్‌మన్ కూడా చెయ్యి దించి అటే చూశాడు.