పెద్దక్కకి పది బొమ్మలు

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే సారు ఫోను చేశారు. "పెద్దక్క రిటైరవుతోంది కదమ్మా, శుక్రవారం సభకి ముందే నెట్‌లో మన లాబు పేజీలో ఏదైనా అందంగా పెట్టు. ఇలాంటివి ఆడవాళ్ళయితేనే బాగా చేస్తారు." సరేనన్నాను. ఒళ్ళో మా అత్తయ్య దుప్పటి సగం మడతలో ఉంది. పక్కగదిలోంచి ఆవిడ, "ఆఫీసు పని ఆఫీసులో చేసుకోవచ్చుగా" అంటూనే ఉంది.

మాది ఊరి నీళ్ళు పరీక్ష చేసే లాబు. మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ అక్కడ ముప్పై ఒక్కేళ్ళుగా టెక్నీషియను. పది బొమ్మలు వరసగా పేర్చి కారౌసెల్ చేద్దామనుకున్నాను. వేలితో పక్కకి తోస్తే ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. మొదటిది ముఖచిత్రం, ఆవిడ ఫోటో, సర్వీసు ఏళ్ళు. రెండు నుంచి ఎనిమిది దాకా ఒక్కొక్కరి జ్ఞాపకం, రెండు వాక్యాలు మించకుండా. అక్షరాలు పెద్దవిగా లేకపోతే ఫోనులో ఎవరూ చదవరు. తొమ్మిదోది అందరి తరఫునా కృతజ్ఞత. పదోది వీడ్కోలు.

జ్ఞాపకాలు పంపమని అందరినీ అడిగాను. రెండుసార్లు గుర్తుచేస్తే వచ్చాయి. డ్రైవరు: "పెద్దక్క డబ్బా మూత తీస్తే లాబంతా ఘుమఘుమ." గుమాస్తా: "నా చొక్కా గుండీలన్నీ ఆవిడ కుట్టినవే." కొత్తగా చేరిన అమ్మాయి: "మా అమ్మ గుర్తొచ్చేది." సారు: "నవ్వు చెరగని మనిషి." నేను రాసుకున్నది అంతకంటే గొప్పగా ఏమీ లేదు. "నేను ఏడ్చినప్పుడల్లా కళ్ళు తుడిచిన చెయ్యి." రాసి మురిసిపోయాను కూడా.

ఎవరి గురించి పెడుతున్నామో వాళ్ళకి ముందు చూపించాలి కదా. బుధవారం సీసాలు కడిగే గదికి వెళ్ళాను. పెద్దక్క తడి చేతులు కోటుకి తుడుచుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, నా ఫోనులో బొమ్మలు ఒక్కొక్కటే జరిపింది.

"బాగుందే అమ్మాయ్. రంగులు బాగున్నాయి." పదోదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. "అన్నం పెట్టాను, గుండీలు కుట్టాను, కళ్ళు తుడిచాను. ఇంతకీ నేను లాబులో చేశానా, హాస్టల్లో చేశానా?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

"నా ఫోటో ఇంకోటేదైనా ఉందేమో మన పేజీలో చూడు" అని తనే కిందకి జరుపుతూ పోయింది. అయిదేళ్ళ కిందటి ఫోటో దగ్గర వేలు ఆగింది. ఉత్తమ విశ్లేషకురాలిగా నాకు జ్ఞాపిక ఇచ్చిన రోజుది. అందులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎడమ అంచున మాత్రం తెల్లకోటు ముక్క ఒకటి.

"ఈ భుజం నాదే కదూ?" అంది పెద్దక్క. కోపంగా కాదు, సంతలో తప్పిపోయిన సంచీ కనబడ్డట్టు. ఫోను నా చేతిలో పెట్టి మళ్ళీ సీసాల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ భుజం ఆవిడదే. కత్తిరించింది నేనే. పేజీకి ఒక్కదాని ఫోటో కావాలి అన్నారు సారు, నేను ఇంటికొచ్చి నా వేలితోనే జరిపి ఆవిడని బయటికి తోసేశాను. ఆ జ్ఞాపిక దేనికొచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఒక వీధి కుళాయి నీళ్ళు వేసి క్రిములు పెరుగుతాయేమో చూసే ప్లేటులో మచ్చలు మొలిచాయి. సీసా నింపేటప్పుడు ఎవరి చెయ్యో తగిలుంటుందిలే, పారేద్దాం అన్నాను. అప్పటికే ఇంటినుంచి మూడు ఫోన్లు. పెద్దక్క పారెయ్యనివ్వలేదు. "చెయ్యి తగిలిందో లేదో ఇంకోసారి పట్టుకొస్తే తెలుస్తుందిగా" అని తనే నడిచి వెళ్ళింది. కుళాయి మూతి మంటతో కాల్చి, నీళ్ళు కాసేపు వదిలి, కడిగి ఉడికించిన సీసాలో పట్టి, మంచుపెట్టెలో పెట్టి తెచ్చింది. ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్ళీ అవే మచ్చలు. తవ్వి చూస్తే కుళాయి గొట్టాన్ని ఆనుకుని మురుగు గొట్టం పగిలి ఉంది. ఆ వీధి పిల్లలు గండం గట్టెక్కారు. రిపోర్టు మీద సంతకం డిగ్రీ ఉన్నవాళ్ళే చెయ్యాలి కాబట్టి నేను చేశాను. సంతకం ఎవరిదైతే జ్ఞాపిక వాళ్ళది. "పెద్దక్క వల్లే" అని వేదిక మీద ఒక్క ముక్క అనడానికి ఎవరు అడ్డొచ్చారు నాకు?

ఆ బుధవారం సాయంత్రం మా ఆయన స్నేహితులు ఇంటికొచ్చారు. నాలుగు రకాలు చేసి పెట్టాను. తింటూ ఒకాయన ఇల్లు ఎంత పొందిగ్గా ఉందో అంటే మా ఆయన చేతులు చాచి, "మా ఇంట్లో అన్నీ వాటంతట అవే జరిగిపోతాయండీ" అన్నారు. పదకొండేళ్ళుగా ఆ మాట వింటున్నాను. విన్న ప్రతిసారీ లోపల ఏదో చురుక్కుమంటుంది. నేనొక మనిషిని కదా, ఆ 'వాటంతట అవే'లో ఎక్కడున్నాను అని. ఆ రోజు చురుక్కుమనలేదు. గిన్నెలు తోముతూ నిలబడ్డాను, నా కళ్ళ ముందు తెల్లకోటు ముక్కొకటి. మా ఆయన మాటతో చేసిన పని నేను వేలితో చేశాను. ఆయనకి తెలియకనైనా అన్నారేమో. నాకు తెలిసే చేశాను.

గురువారం నా బొమ్మ మార్చాను. కళ్ళు తుడవడం తీసేసి, ఆ కుళాయి సంగతి రాశాను. ఎనిమిదో చోట పెట్టి సారుకి చూపించాను.

ఆయన చదివి నా మొహం చూశారు. "వచ్చే నెల నిన్ను లాబు ఇన్‌చార్జిని చేసే ఫైలు పైకి వెళ్తోందమ్మా. ఆ జ్ఞాపికే కదా మనకి బలం." ఆపి నవ్వారు. "పోన్లే, ఎనిమిదోదిగా పెట్టావు. తెలివైనదానివి. అంతదూరం ఎవరు తోస్తారు? చెప్పినట్టూ ఉంటుంది, ఎవరూ విననట్టూ ఉంటుంది."

నేను మనసులో వేసుకున్న లెక్క ఆయన పైకి చదివారు, అంతే. నడివీధిలో పమిట జారినట్టయింది.

శుక్రవారం పొద్దున్నే లాబుకి వెళ్ళి ఒక్కదాన్నే కూర్చున్నాను. ఒకసారి పేజీలోకి ఎక్కాక బొమ్మల వరస మార్చడం కుదరదు, మార్చాలంటే ఇప్పుడే. ఎనిమిదోదాన్ని వేలితో నొక్కిపట్టి ముందుకి లాక్కొచ్చి రెండో చోట వదిలాను. మొదటిది చూసి ఆగకుండా పోయినవాళ్ళకి కూడా చాలాసార్లు రెండోది మళ్ళీ ఎదురుపడుతుంది. తప్పించుకోలేరు. నేనూ తప్పించుకోలేను.

అక్కడ అక్షరాలు ఇలా ఉన్నాయి: "మురుగు నీళ్ళని కనిపెట్టింది ఈవిడ. ప్లేటు పారెయ్యబోయింది నేను. జ్ఞాపిక మాత్రం నేను తీసుకున్నాను."

వాటి వెనక కత్తిరించని పాత ఫోటో పెట్టాను. ఫోటో అడ్డంగా ఉంది, ముఖచిత్రం నిలువుది. మొదటి బొమ్మ ఏ ఆకారంలో ఉంటే మిగతావన్నిటినీ పేజీ తనే అదే ఆకారంలో కత్తిరిస్తుంది. ఆ నిలువు చట్రంలో మా ఇద్దరిలో ఒక్కరికే చోటుంది. తెరిచీ తెరవగానే నడిమధ్యన నేనే నిలబడి ఉన్నాను, పెద్దక్క మళ్ళీ బయట.

బయట సభకి కుర్చీలు వేస్తున్న చప్పుడు. వేయించేది పెద్దక్కే అయ్యుంటుంది, తన వీడ్కోలు సభకి కూడా. నేను ఫోటో మీద వేలు పెట్టి కుడివైపుకి మెల్లగా జరిపాను. ముందు ఆవిడ చెవి వచ్చింది, తర్వాత కళ్ళజోడు, తర్వాత నవ్వు. జ్ఞాపిక పట్టుకున్న చెయ్యి జారి బయటికి వెళ్ళింది. ఇంకొంచెం జరిపాను.

ఈసారి అంచున మిగిలిన భుజం నాది.