నిలబడే టిక్కెట్టు

ఆమెను బొమ్మల స్టూడియోలో అందరూ రబ్బరమ్మ అనేవారు. గీసినదానికంటే చెరిపింది ఎక్కువని ఆ పేరు. ప్రకటనల కోసం నవ్వే సబ్బులనూ గంతులేసే బిస్కెట్లనూ ఏళ్ల తరబడి గీసిగీసి విసుగెత్తి, చివరికి తన సొంత సినిమా తానే తీసుకుందామని ఉద్యోగాన్ని సగం రోజుకు కుదించుకుంది. ఆరు నిమిషాల సినిమా. తుక్కుకింద వెళ్లబోయే ఒక ముసలి సిటీ బస్సు, ఆఖరి రోజున తన రూటు వదిలేసి, జన్మలో చూడని సముద్రాన్ని చూడటానికి ప్రయాణికులతో సహా బయల్దేరుతుంది. అంతే కథ. అందులో మాటలుండవు, బస్సు చప్పుళ్లే ఉంటాయి.

ఆ బస్సు ఎక్కడినుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. మామగారు ముప్పయ్యేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ కుర్చీలోంచి లేచేటప్పుడు ఎడమ కాలితో క్లచ్ తొక్కుతారని ఆయన కూతురు చిట్టి వెక్కిరిస్తుంది. ఆ చిట్టి పెద్ద పెద్ద సభలకు వీడియోలు తీసి ఎడిటింగ్ చేస్తుంది. ఈ సినిమాకు జనం దగ్గరే డబ్బు అడుగుదామన్నది ఆమే.

పద్ధతి ఏమిటో చిట్టి రబ్బరమ్మకు విడమరిచి చెప్పింది. క్రౌడ్‌ఫండింగ్ సైటులో ఇంత కావాలని ఒక మొత్తం ప్రకటించాలి, నెల గడువు పెట్టుకోవాలి. గడువులోగా అది నిండితేనే డబ్బు చేతికొస్తుంది. కాస్త తగ్గినా ఎవరి డబ్బు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మధ్యేమార్గం లేదు. ఇచ్చినవాళ్లకు, ఇచ్చినదాన్నిబట్టి మెట్లు మెట్లుగా ఏదో ఒకటి తిరిగివ్వాలి.

ఆ మెట్ల దగ్గరే వదినా మరదళ్లకు మొదటి పేచీ వచ్చింది. రబ్బరమ్మ ఉత్సాహం పట్టలేక బస్సు బొమ్మ చొక్కాలు, కప్పులు, సంచులు, తాళంగుత్తులు అన్నీ రాసేసింది. చిట్టి ఆ కాగితం తీసుకుని ఒక్కోదాని బరువు, పోస్టు ఖర్చు, చొక్కాల సైజుల గొడవ లెక్కేసి చూపించింది. సైటువాళ్ల కమీషన్ పోను, పార్సిళ్లకు పోను, సినిమాకు మిగిలేది సున్నకు సున్న హళ్లికి హళ్లి.

"సినిమా తీస్తున్నామా, బట్టల కొట్టు పెడుతున్నామా వదినా? అరచేతిలో వైకుంఠం చూపిస్తే, రేపు ఆ వైకుంఠానికి పార్సిలు కట్టాల్సింది మనమే."

చొక్కాలు పోయాయి, కప్పులు పోయాయి. చివరికి కొన్ని మెట్లే మిగిలాయి. అడుగున, సినిమా చివర పేరూ అందరికంటే ముందు చూసే లింకూ. దానిపైన సినిమా ఎలా తయారైందో చెప్పే డిజిటల్ పుస్తకం. ఆపైన కవరులో పట్టే పోస్టుకార్డుల కట్ట. అన్నిటికంటే పైన సహనిర్మాత హోదా. దానికి ఒక మెట్టు కింద రబ్బరమ్మకు మెరుపులా తట్టిన మెట్టు ఒకటుంది. బస్సులో ఒక సీటు. ఎవరు కొనుక్కుంటే వాళ్ల ముఖమే ఆ సీట్లోని ప్రయాణికుడికి గీస్తుంది. మామగారు నడిపిన బస్సులో ఎన్ని సీట్లో అన్నే పెట్టారు.

తరువాత పిచ్ వీడియో, అంటే డబ్బు ఎందుకివ్వాలో జనానికి చెప్పే వీడియో. పుస్తకాల బీరువా ముందు ఇస్త్రీ చీరలో నిలబడి, యానిమేషన్ కళ గొప్పతనం గురించి రబ్బరమ్మ నాలుగు నిమిషాలు మాట్లాడింది. చిట్టి ఎడిటింగ్ చేసి హాల్లో వేసింది. సగం కాకముందే మామగారి గడ్డం ఛాతీకి ఆనింది. ముగిసిన నిశ్శబ్దానికి ఆయనకు మెలకువ వచ్చి, బస్సెప్పుడొస్తుందమ్మా అని అడిగారు.

రబ్బరమ్మ ముఖం చిన్నబోయింది. అది చూసి ఆయన నొచ్చుకుని, బస్సు కాస్త ముందుగా రావాలన్నదే తన భావమని సర్దిచెప్పబోయారు. మాటలు కుదరక, చలి పొద్దున ముసలి బస్సు ఎలా స్టార్టవుతుందో నోటితోనే వినిపించారు. ముందు దగ్గు, తర్వాత మొండికేసిన మూలుగు, ఆగిపోవడం, మళ్లీ దగ్గు, ఒక్కసారిగా అంటుకున్న ఇంజను, కిటికీ అద్దాల గడగడ. ఆ గడగడకు ఆయన బుగ్గలు, గడ్డం, చివరికి చెవులు కూడా అదిరాయి. చిట్టి అప్పటికే ఫోన్ పైకెత్తి తీస్తోంది. రబ్బరమ్మ చేయి దానంతటదే పెన్సిలు వెతుక్కుంది.

కొత్త వీడియో అలా పుట్టింది. తెరమీద ముందుగా మామగారి దగ్గు, ఆ వెంటనే అదే దగ్గుకు తగ్గట్టు ఊగే పెన్సిలు బస్సు. ఎవరు, ఎందుకు, ఎంత కావాలి, ఆ డబ్బు దేనికి ఖర్చవుతుంది అన్నవి తర్వాత, రబ్బరమ్మ మామూలు బట్టల్లో, బల్ల దగ్గరే కూర్చుని చెప్పింది. మొత్తం రెండు నిమిషాల్లోపు.

పేజీ తెరిచిన పొద్దున్న ముగ్గురూ ఒకే ఫోన్ మీద వాలిపోయారు. ముందే చెప్పిపెట్టిన స్నేహితులు, స్టూడియోవాళ్లు మొదటి గంటలోనే వచ్చారు. ఆ తర్వాత ముక్కూ ముఖం తెలియనివాళ్లు రాసాగారు. మర్నాటికి సీట్లన్నీ నిండిపోయాయి. రబ్బరమ్మ కాళ్లు నేలమీద ఆగలేదు. మామగారు వీధిలో కనిపించినవాళ్లందరికీ తన దగ్గును ఉచితంగా వినిపించారు.

వారం తిరిగేసరికి ఆ జోరు చల్లబడింది. అన్ని ప్రచారాలూ నడుమ ఇలాగే చతికిలబడతాయని చిట్టి ముందే హెచ్చరించింది కానీ, వినడం వేరు, డబ్బు ఎంత నిండిందో చూపే గీత కదలకపోవడాన్ని రోజూ చూడటం వేరు. అంతలో పులిమీద పుట్రలా, సహనిర్మాత మెట్టు తీసుకున్న పెద్దమనిషి తన మాట వెనక్కి తీసుకున్నాడు. గడువు ముగిసేదాకా ఎవరైనా రద్దు చేసుకోవచ్చు, అది నియమమే. సగం దాటిన గీత కళ్లముందే వెనక్కి జారింది.

డబ్బు ఇచ్చినవాళ్లకు అప్‌డేట్ రాయాల్సిన రోజు కూడా అదే. అంతా భేషుగ్గా ఉందని రాసెయ్యమని చిట్టి అంది. రబ్బరమ్మ ఒప్పుకోలేదు. గీత వాళ్లకూ కనిపిస్తూనే ఉంటుంది కదా అంది. ఎవరినీ తప్పుపట్టకుండా, ఒక పెద్ద సాయం చేజారిందనీ ఇంకా దూరం చాలా ఉందనీ ఉన్నదున్నట్టు రాసింది. దానికింద ఈ వారం చేసిన పని పెట్టింది. బస్సు సడన్ బ్రేకు వేస్తే సీట్లలోవాళ్లంతా ఒక్కసారి ముందుకు తూలి, వెనక్కి పడే కొన్ని సెకన్ల పెన్సిలు ముక్క అది.

మర్నాడు జవాబులు చూసి చిట్టి గట్టిగా చదవసాగింది. ధైర్యం చెప్పినవాళ్లున్నారు. ఇంకో నలుగురికి లింకు పంపామన్నవాళ్లున్నారు. ఒకాయన మాత్రం, సీట్లు అయిపోయాయట కదా, నిలబడి రానివ్వరా అని అడిగాడు. కింద మరో ఎనిమిదిమంది మేమూ నిలబడతాం అన్నారు.

మామగారు పడీపడీ నవ్వారు. "నేను తోలిన బస్సు సీట్లు నిండాయని ఏనాడన్నా ఆగిందా అమ్మా? సీట్లు నిండాకే కదా బస్సు మొదలయ్యేది."

రబ్బరమ్మ నవ్వలేదు. ఆమె మనసు అప్పటికే లెక్కల్లో పడింది. సీట్లవాళ్లకు మూడు షాట్లలో కదిలే ముఖాలు గీస్తానని మాటిచ్చింది. నిలబడేవాళ్లనూ అలాగే గీయాలంటే సినిమా పూర్తవడానికి ఇంకో ఏడాది పడుతుంది. ఒకరు కొన్న మెట్టును మార్చడానికీ వీల్లేదు. కానీ కొత్త మెట్టు కట్టొచ్చు. బస్సు కిక్కిరిసిపోయే షాట్ ఒకటుంది. అందులో నిలబడ్డవాళ్లంతా పైన కమ్మీ పట్టుకుని ఉంటారు. ఒక్కొక్కరిని ఒక్కసారే గీసి, వేరే పొరమీద పెట్టి, బస్సు ఊగినప్పుడు ఆ పొర మొత్తాన్నీ ఊపితే చాలు. నిజం బస్సులోనూ అంతే, అందరూ ఒక్కటై ఊగుతారు.

పరీక్షకు చిట్టిని నిలబెట్టి గీసింది. చిట్టి పప్పు పొయ్యిమీద పెట్టి వచ్చింది, అది మాడకముందే బొమ్మ అయిపోయింది. ఆ పని వేగాన్నిబట్టి ఎంతమందిని ఎక్కించగలదో తేల్చుకుని, అంతకు ఒక్కరు కూడా మించకుండా పరిమితి పెట్టి, సీటుకంటే తక్కువ ధరకు నిలబడే టిక్కెట్టు తెరిచింది. ఒక్క షాట్‌లోనే కనిపిస్తారు, ముఖం కదలదు అని స్పష్టంగా రాసింది. దానితోపాటు వెళ్లిన అప్‌డేట్‌లో మామగారు కెమెరాలోకి వేలు చూపించి, పాత కండక్టరు గొంతుతో అన్నారు: "లోపలికి జరగండి, లోపలికి జరగండి. వెనకాల ఖాళీ ఉంది."

ఆ ముక్క ఎవరెవరి ఫోన్లలోకో పాకిపోయింది. బస్సు డ్రైవర్ల గుంపు ఒకటి పట్టుకుంది, రోజూ నిలబడి ఆఫీసుకు వెళ్లే ఆడవాళ్ల గుంపు ఒకటి పట్టుకుంది. తమ బాసును ఎక్కించమని కొందరు, ఎక్కించొద్దని కొందరు రాశారు. టిక్కెట్లు అయిపోయినా జనం ఆగలేదు. వట్టి పేరైనా చాలని అడుగు మెట్టుమీద వరసకట్టారు. గీత మళ్లీ పాకింది, తర్వాత నడిచింది, తర్వాత పరుగెత్తింది.

గడువుకు ఒక రోజు ముందు రబ్బరమ్మ కళ్లద్దాల దుకాణంలో ఉంది. నెలంతా తెర చూసిచూసి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కళ్లు పరీక్షించే ఆయన ముక్కుమీద బరువైన ఇనుప చట్రం పెట్టి, అద్దాలు మార్చి మార్చి గోడమీది వరస చదవమంటున్నాడు. ఒళ్లో ఫోన్ ఆగకుండా గిజగిజలాడింది. తీసి చూస్తే అంతా మసక. ఉండబట్టలేక, ఫోన్ ఆయనకే ఇచ్చి చదివిపెట్టమంది.

"ఏదో గీత నిండిపోయిందండీ. నూటొకటి అని ఉంది," అన్నాడాయన. "ఎవరికైనా జ్వరమా?"

రబ్బరమ్మ ఆ చట్రంతోనే లేచి నిలబడింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి గొంతులోంచి వచ్చింది. ఆయన కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు. విషయమంతా విన్నాక, తనకు బస్సులో చోటుందా అని అడిగాడు. బస్సు నిండిపోయింది, పేరుకు మాత్రం చోటుందని ఆమె చెప్పింది. సరే అని అక్కడికక్కడే కట్టి, గోడమీది వరస మళ్లీ మొదటినుంచి చదివించాడు.

ఇంటికి ఎలా చేరిందో ఆమెకు గుర్తులేదు. గుమ్మంలోనే చిట్టి వచ్చి వాటేసుకుంది. వెనకనుంచి మామగారు వచ్చి రెండు చేతులూ ఆమె తలమీద పెట్టి అలాగే ఉంచారు.

గడువు ముగిశాక పండగ కంటే పని ఎక్కువైంది. కొందరి బ్యాంకు కార్డులు చెల్లలేదు, వాళ్లకు గుర్తుచేస్తూ రాయాలి. డబ్బు చేతికి రావడానికి ఇంకో రెండు వారాలు. ఎక్కిన వాళ్లందరికీ ఫొటో పంపమని, పేరు ఎలా రాయాలో చెప్పమని చిట్టి ప్రశ్నావళి పంపింది. ఫొటోలు కుప్పలుగా వచ్చాయి. ఒకావిడ తన సీట్లో కుక్కను కూర్చోబెట్టమంది. నిలబడే టిక్కెట్టు కొన్న అన్నదమ్ములిద్దరు, తమను పక్కపక్కన మాత్రం పెట్టొద్దన్నారు.

కొత్త కళ్లద్దాలు పెట్టుకుని రబ్బరమ్మ బల్ల ముందు కూర్చుంది. మొదటి సీటులోని ముఖానికి గుండ్రం గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. పక్కగదిలో బస్సు చప్పుళ్లు రికార్డు చేయడానికి, బయటి శబ్దం రాకుండా చిట్టి గోడలకు బొంతలు కడుతోంది. లోపలినుంచి మామగారు గొంతు సవరించుకుంటున్నారు. సముద్రం దగ్గర బస్సు ఎలాంటి చప్పుడు చేస్తుందో తనకూ తెలియదనీ, ఒకటి రెండు రకాలుగా చేసి చూపిస్తే ఏది బాగుందో కోడలే చెప్పాలనీ గోడ అవతలినుంచి కేకేశారు. ఆమె పెన్సిలు కింద పెట్టి వెళ్లింది.