పద్నాలుగా, ఇరవై నాలుగా

వనపర్తిలో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీకి లెక్కల గెస్ట్ లెక్చరర్ కావలసి వచ్చింది. డెమో క్లాసు చెప్పడానికి గద్వాల నుంచి సుహానా వచ్చింది. ఆ ఏడాది ఆమెకిది మూడో డెమో. ఇదీ పోతే చదువు పక్కన పెట్టి అన్న చెప్పుల దుకాణంలో కూర్చోవాల్సిందేనని నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎంపిక చేసేది మా లెక్కల హెడ్ వెంకటన్న సార్ మరి.

సార్ మంచివాడే, ఆయన నోట్సుతోనే చిక్కు. జిరాక్సులై గద్వాల దాకా తిరిగే ఆ నోట్సును కాదన్న ఇద్దరు అభ్యర్థులను ఆయన అంతకుముందే ఇంటికి పంపాడు. స్టాటిస్టిక్స్ చెప్పుకునే నేను పదేళ్ళుగా నోరెత్తలేదు.

క్లాసులో పిల్లల ముందే సార్ బోర్డు మీద లెక్క రాశాడు. x − 3y గరిష్ఠం కావాలి. షరతులు: x + y = 2, y − x ≥ −8. x సున్నా కన్నా తగ్గకూడదు, y ఎటైనా పోవచ్చు.

"దీనికి డ్యుయల్ రాయమ్మా."

డ్యుయల్ అంటే ఈ గరిష్ఠం లెక్కకు జోడీగా రాసే కనిష్ఠం లెక్క. సుహానా ముందుగా రెండో షరతును మైనస్ ఒకటితో గుణించి x − y ≤ 8 చేసింది. మొదటి షరతుకు u, రెండోదానికి v పెట్టి, 2u + 8v కనిష్ఠం కావాలంది. x నుంచి u + v ≥ 1 వచ్చింది. y కి కట్టుబాటు లేదు కాబట్టి అక్కడ సమానమే రావాలంటూ u − v = −3 రాసింది. చివర v ≥ 0 అని పెట్టి ఆగింది.

"మరి u ≥ 0 రాయవా?"

"రాయొద్దు సార్. మొదటిది సమానం షరతు. దాని u మైనస్ గూడ కావొచ్చు."

"నా నోట్సుల రెండూ సున్నా కన్న తగ్గవు."

నేను కళ్ళు మూసుకున్నాను.

"గట్లనే చేసి చూద్దాం సార్," అంది సుహానా. సార్ పద్ధతిలో u = 0, v = 3; విలువ ఇరవై నాలుగు. ఆమె పద్ధతిలో u = −1, v = 2; విలువ పద్నాలుగు.

"ఏది ఖరా అని ఎట్ల తెలుస్తది?"

"అసలు లెక్కనే చేద్దాం సార్. y అంటే 2 − x. గప్పుడు x ఐదు దాటదు. గరిష్ఠం చేసేది 4x − 6 అయితది. ఐదు పెడితే పద్నాలుగు. డ్యుయల్ గూడ గంతే రావాలె."

సార్ బోర్డు దగ్గరికి వెళ్ళి తనే ఒకసారి చేశాడు. పద్నాలుగే వచ్చింది.

"ఇదెక్కడ నేర్సినవ్?"

"మీ నోట్సులనే సార్. అందుల ఉన్నట్టు రాస్తే పరీక్షల మార్కులు పోయినయి. ఎందుకు పోయినయో సమజయ్యేసరికి నెల పట్టింది."

పిల్లలు గొల్లున నవ్వారు. సార్ కూడా పొట్ట పట్టుకుని నవ్వి, నా వైపు తిరిగాడు.

"మాలతమ్మా, నీకు తెల్వదా ఇది?"

"తెలుసు సార్."

"పదేండ్ల సంది చెప్పకపోతివి."

నాకు తల కొట్టేసినట్టయింది.

"రేపటి సంది గీ క్లాసు సుహానా చెప్తది," అన్నాడు సార్. "మనిద్దరం ముందు బెంచీల కూసుందాం. నేను తెల్వనందుకు, నువ్వు భయపడ్డందుకు."